సీలింగ్ ఫ్యాన్ మార్పించడం: హుక్కు దగ్గరి నుంచి రెగ్యులేటర్ దాకా నా అనుభవం

మా అమ్మ పడుకునే గదిలో పాత ఫ్యాన్ తీసేసి కొత్తది పెట్టించాం. గంటలో అయిపోయే పని అనుకున్నాను, ఎలక్ట్రీషియన్ కూడా ఫోన్లో అదే అన్నాడు. శనివారం పొద్దున మొదలుపెడితే ఆదివారం సాయంత్రానికి గాని ఫ్యాన్ తిరగలేదు. ఆ టైమంతా కొత్త ఫ్యాన్‌కి పట్టింది కాదు. పాత ఫ్యాన్ ఇన్నాళ్లూ దేనికి వేలాడుతోంది, దానికి కరెంటు ఎటు నుంచి ఎటు వెళ్తోంది అనేవి బయటపడ్డాక వాటిని సరిచేయడానికి పట్టింది. పని జరుగుతున్నప్పుడు పక్కనే నిలబడి చూశాను కాబట్టి, మీ ఇంట్లో కూడా ఫ్యాన్ మార్చే పని ఉంటే ఎక్కడెక్కడ ఆగి చూడాలో తెలుస్తుందని రాస్తున్నాను.

శనివారం పదింటికి ఎలక్ట్రీషియన్ అన్న వచ్చాడు. వయసు యాభై పైనే ఉంటుంది, మాట తక్కువ. ముందు ఆ గది ఎంసీబీ దించి, పాత ఫ్యాన్ రెక్కలు విప్పి, పైన హుక్కుని కప్పే గిన్నెలాంటి కానోపీ స్క్రూ వదులు చేసి దాన్ని రాడ్ మీదుగా కిందికి జార్చాడు. అక్కడ హుక్కు కనిపించగానే నిచ్చెన మీదే ఆగిపోయి, "సార్, ఒకసారి పైకి వచ్చి చూస్తారా" అన్నాడు.

ఎక్కి చూశాను. స్లాబ్ పోసినప్పుడే పెట్టిన హుక్కు అది, వేలంత లావు ఇనుప కడ్డీ. దాని వంపు లోపల, సరిగ్గా ఫ్యాన్ బరువు పడే చోట, లోతుగా గాడి పడి ఉంది. కడ్డీ మందంలో మూడో వంతు దాకా అరిగిపోయిందని చేత్తో తడిమితేనే తెలుస్తోంది. గాడి లోపల లోహం తళతళలాడుతోంది, చుట్టూ తుప్పు పొడి. కారణం కూడా అక్కడే కనిపించింది. ఫ్యాన్ రాడ్ పై కొనన ఇంగ్లిష్ యూ అక్షరంలా ఉండే క్లాంపు ఉంటుంది, దాని రెండు కాళ్ల మధ్య నుంచి ఒక బోల్టు పోతుంది, ఆ బోల్టు మీద దారపు రీలు ఆకారంలో ఒక రబ్బరు ఉండాలి. హుక్కు మీద కూర్చోవలసింది ఆ రబ్బరు. మా ఫ్యాన్‌కి ఆ రబ్బరు లేదు. ఎవరు బిగించారో గాని బోల్టునే నేరుగా హుక్కుకి తగిలించేశారు. ఫ్యాన్ తిరిగినప్పుడల్లా ఉండే కొద్దిపాటి ఊపుకి ఇనుమూ ఇనుమూ ఏళ్ల తరబడి రాసుకుని ఇంత దాకా వచ్చింది.

నాకు కాళ్లు వణికాయి, నిజంగానే. ఆ ఫ్యాన్ కిందే మా అమ్మ రోజూ పడుకునేది. కొన్నాళ్లుగా పైనుంచి 'కిర్రు కిర్రు' మని సన్నగా శబ్దం వస్తుంటే బేరింగ్ పోయిందనే అనుకున్నాం, అసలు ఫ్యాన్ మార్చాలనుకున్నది కూడా అందుకే. బేరింగ్ శబ్దానికీ హుక్కు దగ్గర రాపిడి శబ్దానికీ తేడా ఏమిటని అడిగితే అన్న చెప్పాడు. బేరింగ్ అయితే స్విచ్ ఆపాక రెక్కలు నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు కూడా గరగర వినిపిస్తుంది, చేత్తో తిప్పినా తెలుస్తుంది. హుక్కు శబ్దమైతే ఫ్యాన్ ఊగినప్పుడే వస్తుంది. ఆపేసిన ఫ్యాన్ రాడ్‌ని పట్టుకుని అటూ ఇటూ కొంచెం కదిపితే అదే 'కిర్రు' వినిపిస్తుంది. మా ఇంట్లో ఈ పరీక్ష ఎవరూ చేయలేదు.

అరిగిన హుక్కుకి వెల్డింగ్ పెడితే చాలదా అని అడిగాను. ఒప్పుకోలేదు. ఎంత లోహం మిగిలిందో తెలియని కడ్డీ మీద అతుకు పెట్టి మనుషుల నెత్తి మీద బరువు వేలాడదీయకూడదన్నాడు. పాత హుక్కుని అలాగే వదిలేసి, దానికి జానెడు దూరంలో కొత్త హుక్కు పెడదామన్నాడు. కొత్తది ఒక మందపాటి ఇనుప ప్లేటు, దాని మధ్యలో 12 మిల్లీమీటర్ల కడ్డీని పూర్తిగా మూసిన రింగులా వెల్డ్ చేసి ఉంటుంది, ప్లేటు నాలుగు మూలలా యాంకర్ బోల్టులకి రంధ్రాలుంటాయి. ఈ బోల్టుల్ని స్లాబ్‌లో రంధ్రం చేసి దింపి బిగిస్తే లోపల చివర ఉబ్బి కాంక్రీటుని పట్టుకుంటాయి. ప్లేటు, బోల్టులు తెచ్చేసరికి మధ్యాహ్నం దాటింది.

డ్రిల్లింగే అన్నిటికంటే విసుగైన భాగం. ముందు స్విచ్ బోర్డు ఎటు ఉంది, స్లాబ్‌లోని వైర్ల పైపు ఏ దిక్కు నుంచి పాత హుక్కు దగ్గరికి వస్తోంది అని చూసుకుని, ఆ గీత మీదికి రాకుండా ప్లేటు చోటు గుర్తు పెట్టాడు. పైపు మీద డ్రిల్ పడితే వైరే తెగిపోతుంది. ఈ గది ఎంసీబీ దించే ఉంచి, డ్రిల్ మిషనుకి పక్క గది నుంచి కరెంటు తీసుకున్నాడు. మొదట్లో బిట్టు మెత్తగా దిగిపోయింది, అది ప్లాస్టరింగ్. తర్వాత శబ్దం మారి గట్టిగా పలకడం మొదలైంది, అక్కడి నుంచి కాంక్రీటు. బోల్టు పట్టు లెక్క వేయవలసింది కాంక్రీటులో దిగిన లోతునే, ప్లాస్టరింగ్ మందం ఆ లెక్కలోకి రాదు, అందుకని బోల్టు పొడవు కూడా ఆ మేరకు ఎక్కువ తీసుకోవాలట.

మూడో రంధ్రం దగ్గర బిట్టు కీచుమని అరిచి అంగుళంన్నర లోతులో ఆగిపోయింది. లోపల స్లాబ్ కడ్డీ తగిలింది. బలవంతంగా దింపకుండా ప్లేటుని కొద్దిగా తిప్పి నాలుగు రంధ్రాలూ మళ్లీ వేశాడు, పాత రంధ్రాలకి మరీ ఆనుకుని కాకుండా. ప్రతి రంధ్రంలోనూ దుమ్ము ఊది, చిన్న బ్రష్ పెట్టి తిప్పి, మళ్లీ ఊదాడు. ఇంత అవసరమా అనిపించింది గాని, ఒక బోల్టు బిగిస్తుంటే స్పానర్ ఎన్ని చుట్లు తిరిగినా గట్టిపడకపోవడం చూశాక అర్థమైంది. మామూలుగా కొన్ని చుట్లకే చేతికి బరువు తెలియాలి. అలా గట్టిపడకుండా తిరుగుతూనే ఉంటే రంధ్రం వదులైందని అర్థం, ఆ బోల్టు ఏ బరువూ మోయదు. దాన్ని తీసేసి ఒక సైజు పెద్ద బోల్టు వేసి బిగించాడు. ఇక్కడే "మూడు గట్టిగా ఉన్నాయి కదా" అని వదిలేసేవాళ్లు ఉంటారు. పని చేయించుకునేవాళ్లు నాలుగు బోల్టులూ బిగిసేదాకా కింద నిలబడి చూడటం మంచిది.

సాయంత్రం ఆరయింది. ఫ్యాన్ ఎక్కించేస్తాడనుకుంటే, "ఈ రాత్రికి బరువు కట్టి వదిలేద్దాం సార్" అన్నాడు. మా ఫ్యాన్ రెక్కలతో కలిపి నాలుగైదు కిలోలుంటుంది. దానికి అయిదు రెట్లు పైగా, అంటే పాతిక కిలోల ఇసుక బస్తా తాడుతో రింగుకి కట్టి, ప్లేటు అంచు చుట్టూ స్లాబ్ మీద పెన్సిల్‌తో గీత గీశాడు. కింద మంచం లేకుండా జరిపించాడు. అమ్మ ఆ రాత్రి హాల్లో పడుకుంది. నేను మాత్రం రెండుసార్లు లేచి వెళ్లి టార్చి వేసి చూశాను. తెల్లారాక చూస్తే ప్లేటుకీ స్లాబ్‌కీ మధ్య వెంట్రుక వాసి సందు కూడా రాలేదు, గీతలు ఎక్కడివక్కడే ఉన్నాయి. అప్పటికి గాని ఊపిరి పీల్చుకోలేదు.

ఆదివారం పది దాటాక మళ్లీ వచ్చాడు. ఇప్పుడు వైర్ల వంతు. ఇక్కడ రెండో షాక్, కరెంటుది కాదు గాని దాదాపు అంత పని చేసింది.

ఎంసీబీ ఎక్కించి, గోడ మీద ఫ్యాన్ స్విచ్ ఆపి ఉంచి, సీలింగ్ నుంచి వేలాడుతున్న రెండు వైర్లని టెస్టర్‌తో చూశాడు. స్విచ్ ఆపి ఉంది కాబట్టి రెంటిలోనూ వెలగకూడదు. ఒకదాంట్లో టెస్టర్ నిండుగా వెలిగింది. పక్క వైర్ల ప్రభావంతో కూడా టెస్టర్ ఒక్కోసారి మసగ్గా వెలుగుతుందని, దాన్ని మాత్రమే నమ్మకూడదని మల్టీమీటర్ తీశాడు. ఆ వైరుకీ ఎర్తుకీ మధ్య 230 వోల్టుల చుట్టుపక్కల చూపించింది. అక్కడితో అనుమానం తీరలేదు, ఒక బల్బు హోల్డరు వైర్లు కూడా ఆ వైరుకీ ఎర్తుకీ మధ్యే పెట్టి చూస్తే బల్బు పూర్తిగా వెలిగింది. ఉత్తుత్తి వోల్టేజి అయితే మీటర్ చూపించినా బల్బు వెలగదు.

స్విచ్ బోర్డు విప్పి చూస్తే సంగతి తెలిసింది. కరెంటు తెచ్చే ఫేజ్ వైరు స్విచ్‌ని తాకకుండా తిన్నగా ఫ్యాన్‌కి వెళ్తోంది. స్విచ్, రెగ్యులేటర్ రెండూ కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ దారిలో ఉన్నాయి. ఇలా ఉన్నా ఫ్యాన్ మామూలుగానే తిరుగుతుంది, స్పీడు తగ్గుతుంది, పెరుగుతుంది, స్విచ్ నొక్కితే ఆగుతుంది. అందుకే ఇన్నేళ్లలో ఎవరికీ అనుమానం రాలేదు. తేడా ఒక్కటే, స్విచ్ ఆపినా ఫ్యాన్ లోపలి వైరింగ్ అంతటా కరెంటు ఉంటూనే ఉంటుంది. లోపల ఎక్కడైనా వైరు తొక్క ఊడి బాడీకి తగిలితే, ఆపేసిన ఫ్యాన్ ముట్టుకున్నా షాక్ కొడుతుంది. పైగా ఆ పాత ఫ్యాన్‌కి ఎర్తు వైరే కలపలేదు. అమ్మ ప్రతి పండక్కీ స్టూలు ఎక్కి, స్విచ్ ఆపి, తడిగుడ్డతో ఆ రెక్కలే తుడిచేది. ఈ మాట చెబితే అమ్మ ఏమీ అనలేదు, కాసేపు ఆ బోర్డు వైపే చూస్తూ నిలబడింది. నాకు మాత్రం కోపం ఆగలేదు. ఈ వైరింగ్ చేసినవాళ్లు చివర్లో ఒక్కసారి టెస్టర్ పెట్టి చూసుకుని ఉంటే అప్పుడే తెలిసేది.

సరిచేయడానికి గోడ పగలగొట్టాల్సి వస్తుందేమో అని భయపడ్డాను గాని, పని మొత్తం బోర్డులోనే అయిపోయింది. ఎంసీబీ దించి, మళ్లీ టెస్టర్‌తో చూసి, బోర్డులోకి వచ్చే ఫేజ్‌ని స్విచ్ ఒక కాలికి ఇచ్చాడు. స్విచ్ రెండో కాలి నుంచి రెగ్యులేటర్ ఒక వైరుకి, రెగ్యులేటర్ రెండో వైరు నుంచి సీలింగ్‌కి వెళ్లే వైరుకి కలిపాడు. న్యూట్రల్ మాత్రం దేన్నీ తాకకుండా తిన్నగా ఫ్యాన్‌కి. పైపులో అప్పటికే లాగి ఉన్న ఆకుపచ్చ ఎర్తు వైరు చివర మడిచి వదిలేసి ఉంటే, దాన్ని కూడా బయటికి తీశాడు.

పాత రెగ్యులేటర్ పెద్ద పెట్టెలా ఉండే రకం, లోపల వైరు చుట్ట ఉండి మిగిలిన కరెంటుని వేడిగా మార్చేస్తుంది, చెయ్యి పెడితే వెచ్చగా ఉండేది. కొత్తది స్విచ్ సైజులో ఉండే స్టెప్ రకం, లోపల కెపాసిటర్లతో స్పీడు తగ్గిస్తుంది. దాని వెనక రెండే వైర్లు ఉన్నాయి, ఏది ఇటు, ఏది అటు అన్న పట్టింపు లేదు. రెండు వైర్లు కనిపించగానే ఒకటి ఫేజ్‌కీ ఒకటి న్యూట్రల్‌కీ పెట్టేసే కొత్తవాళ్లు ఉంటారని, అలా పెడితే 5 నంబరుకి తిప్పగానే షార్ట్ అవుతుందని అన్న హెచ్చరించాడు. ఎందుకంటే 5 దగ్గర లోపల కెపాసిటర్లేవీ దారిలో ఉండవు, రెండు వైర్లూ నేరుగా కలిసిపోతాయి. రెగ్యులేటర్ ఎప్పుడూ ఒకే వైరు దారి మధ్యలో ఉండాలి. అన్నట్టు, రిమోట్‌తో వచ్చే బీఎల్‌డీసీ ఫ్యాన్ కొన్నవాళ్లకి ఈ రెగ్యులేటరే ఉండకూడదు, దాన్ని తప్పించి స్విచ్ నుంచి నేరుగా ఇవ్వాలి. మాది మామూలు ఫ్యాన్ కాబట్టి ఆ తేడా రాలేదు.

ఇక ఫ్యాన్ కూర్చడం. అన్న దాన్ని మంచం మీదే పెట్టుకుని చేశాడు. రాడ్‌లోంచి వైర్లు పైకి లాగి, కింది కానోపీ, పై కానోపీ రెండూ ముందే రాడ్‌కి తొడిగాడు. ఇవి మరిచిపోతే మళ్లీ అంతా విప్పాల్సిందే. రాడ్ కింది కొనని మోటారు మెడలో దించి, రంధ్రాలు ఎదురెదురు చేసి బోల్టు దూర్చేటప్పుడు లోపలి వైర్లని ఒక పక్కకి జరిపి చూశాడు. బోల్టుకీ రాడ్ గోడకీ మధ్య వైరు నలిగితే ఈ రోజు తిరుగుతుంది గాని తర్వాతెప్పుడో తొక్క చిట్లి బాడీకి కరెంటు వస్తుంది. నట్టు బిగించాక బోల్టు చివరి చిల్లులో స్ప్లిట్ పిన్ దూర్చి, దాని రెండు కాళ్లనీ పక్కలకి వంచాడు. నట్టు తిరిగి వదులైనా బోల్టు జారిపోకుండా ఆపేది ఆ పిన్నే. మెడ పక్కన ఉండే చిన్న స్క్రూని కూడా రాడ్‌కి ఆనేదాకా బిగించాడు. కెపాసిటర్ వైర్లు కంపెనీలోనే కలిపి వచ్చాయి కాబట్టి వాటి జోలికి పోలేదు.

రాడ్ పొడవు మీద కొంచెం లెక్క వేయాల్సి వచ్చింది. మా గది ఎత్తు 10 అడుగులు. పాత హుక్కు స్లాబ్‌లోకి గుంటలో ఉండేది, కొత్త రింగు స్లాబ్ కింద మూడు అంగుళాలు దిగి ఉంది. ఫ్యాన్‌తో వచ్చిన 12 అంగుళాల రాడ్ వేసి, మోటారులో రెక్కలుండే చోటు దాకా కలుపుకుంటే రెక్కలు నేల నుంచి ఎనిమిది అడుగుల పైనే ఉంటాయి. ఎనిమిది అడుగులకి తగ్గితే చెయ్యెత్తిన మనిషికి తగిలే ప్రమాదం ఉంది కాబట్టి, ఎత్తు తక్కువ గదుల్లో చిన్న రాడ్ వేయాలి. అలాగని మరీ పైకి, స్లాబ్‌కి అడుగు దూరం కూడా లేకుండా పెడితే రెక్కలకి పైనుంచి గాలి అందక కిందికి గాలి సరిగా రాదు.

రెక్కలు లేకుండా మోటారు, రాడ్ మాత్రమే పైకెత్తారు. రింగులో రబ్బరు ముందే కూర్చోబెట్టి, మా తమ్ముడు కింద నుంచి మోటారు మోస్తుంటే, అన్న క్లాంపుని రింగుకి ఇరువైపులా తెచ్చి రబ్బరు మధ్యలోంచి బోల్టు దూర్చాడు. ఇక్కడా నట్టు, దాని వెనక స్ప్లిట్ పిన్. మూసిన రింగు కాబట్టి ఎక్కించడానికి ఇద్దరు కావాలి, కానీ ఎంత ఊగినా జారి బయటికి వచ్చే దారి లేదు. చేత్తో రాడ్‌ని ఊపి చూస్తే మెత్తగా కదిలింది, శబ్దం లేదు. ఆ తర్వాత వైర్లు కనెక్టర్‌లో బిగించి, ఎర్తుని క్లాంపు మీదున్న ఎర్తు స్క్రూకి కలిపి, స్విచ్ ఆపి మళ్లీ మీటర్ పెడితే ఈసారి రెంటిలోనూ ఏమీ లేదు.

రెక్కలు బిగించి మూడున్నరకి స్విచ్ వేశాం. కింద నుంచి చూస్తే గడియారం ముల్లుకి ఎదురు దిశలో, గాలి కిందికి వచ్చేలా తిరిగింది. రెగ్యులేటర్ 1 నుంచి 5 దాకా ఒక్కొక్కటీ కాసేపు ఉంచి చూశాం, స్పీడు ప్రతిచోటా తేడాగా తెలిసింది. అన్ని నంబర్లలోనూ ఫుల్ స్పీడే వస్తే రెగ్యులేటర్ దారిలో లేనట్టు, ఒక్క 5లోనే తిరిగి మిగతా వాటిలో తిరగకపోతే లోపలి కెపాసిటర్ల దారి తెగినట్టు అని చెప్పాడు.

4 దాటాక మాత్రం రాడ్ కొంచెం ఊగింది, పైన టిక్ టిక్ అని శబ్దం. టిక్ టిక్ వెంటనే దొరికింది. పై కానోపీ అంచు హుక్కు ప్లేటుకి తగులుతోంది. ఒక వేలు సందు వదిలి కిందికి దించి స్క్రూ బిగిస్తే పోయింది. ఊపుకి, ఒక కర్ర స్కేలు నిలువుగా పట్టుకుని, రెక్కల్ని చేత్తో తిప్పుతూ ఒకే చోట స్లాబ్ నుంచి ప్రతి రెక్క కొనకీ దూరం కొలిచాడు. ఒక రెక్క మిగతా రెంటికంటే సెంటీమీటరు దాకా కిందికి ఉంది. దాని స్క్రూలు వదులు చేసి చూస్తే బ్రాకెట్ కింద ప్యాకింగ్ ప్లాస్టిక్ ముక్క ఇరుక్కుని ఉంది. అది తీసి బిగించాక దూరాలు సమానమయ్యాయి, 5లో కూడా రాడ్ నిలకడగా ఉంది.

ఖర్చు సంగతి కూడా చెప్పాలి. ఫ్యాన్ బిగించినందుకు ముందు మాట్లాడుకున్న కూలి కంటే హుక్కు పనికీ బోర్డు పనికీ ఎక్కువైంది, ప్లేటు, బోల్టులు, రెగ్యులేటర్ అదనం. ఒక్క రూపాయి కూడా బేరం ఆడలేదు. మేం ముందుగా అనుకోని ఇంకో చిన్న సంగతి, ఫ్యాన్‌తో వచ్చే కానోపీ ఆ ప్లేటుని కప్పదు. నాలుగు బోల్టులూ బయటికే కనిపిస్తాయి. ప్లేటుకి తెల్ల రంగు వేయించాం గాని నట్ల మీద పుట్టీ పెట్టి మూయొద్దన్నాడు, కనిపిస్తుంటేనే వదులైతే తెలుస్తుంది. వారం తర్వాత ఒకసారి వచ్చి స్పానర్ పెట్టి చూశాడు, ఒక్క నట్టు పావు చుట్టు తిరిగింది, మిగతావి కదల్లేదు.

అదే రోజు హాల్లో ఫ్యాన్ కానోపీ కూడా దించి చూపించమన్నాను. అక్కడ రబ్బరు ఉంది గాని ఎండిపోయి పగుళ్లిచ్చింది, స్ప్లిట్ పిన్ లేదు, స్విచ్ ఆపితే అక్కడా టెస్టర్ వెలిగింది. వచ్చే ఆదివారం ఆ గది పని పెట్టుకున్నాం, అప్పటిదాకా ఆ ఫ్యాన్ వేయడం లేదు.